కెరీర్ ఆగిపోయిందన్న మనిషికి సలహా ఇవ్వకండి, ముందు లెక్క అడగండి

‘అన్నా, నా కెరీర్ ఇక్కడే ఆగిపోయింది’ అని టీమ్‌లో ఒకరు వచ్చి చెప్పగానే మన మేనేజర్లు చేసే మొదటి పని సలహా ఇవ్వడం. క్లౌడ్ నేర్చుకో, సర్టిఫికేషన్ చెయ్యి, ప్రాజెక్టు మారు అంటారు. పావుగంటలో మాట ముగుస్తుంది. పని జరిగినట్టే ఇద్దరికీ అనిపిస్తుంది. మూడు నెలల తర్వాత చూస్తే ఆ మనిషి అదే సీట్లో, అదే దిగులుతో ఉంటాడు.

నేనూ అదే చేశాను. హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో సపోర్ట్ టీమ్ చూసే రోజుల్లో, తొమ్మిదేళ్ల అనుభవం ఉన్న ఇంజినీర్ ఒకరు నా దగ్గరికి వచ్చారు. విదేశీ బ్యాంకు ప్రాజెక్టు, ఎక్కువగా నైట్ షిఫ్టులు. నేను క్లౌడ్ కోర్సు పేరు చెప్పి పంపించాను. ఆయన తలూపి వెళ్లిపోయారు. కోర్సులో చేరనే లేదు. రెండోసారి వచ్చినప్పుడు మాత్రం గ్రో అనే కోచింగ్ పద్ధతిలో మాట్లాడాను. ఆ తేడా చూశాకే ఈ వ్యాసం రాయాలనిపించింది.

గ్రో అంటే గోల్, రియాలిటీ, ఆప్షన్స్, విల్. ఏం కావాలి, ఇప్పుడు ఎలా ఉంది, ఏమేం దారులున్నాయి, ఏది ఎప్పుడు చేస్తారు అనే వరుస. కార్పొరేట్ ట్రైనింగుల్లో కూర్చున్నవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. 1980లలో బ్రిటన్‌లో రూపుదిద్దుకుంది. ఒకప్పటి కారు రేసర్ జాన్ విట్‌మోర్ 1992లో రాసిన పుస్తకంతో బాగా ప్రచారంలోకి వచ్చింది. అయితే దీని వేరు టెన్నిస్ కోర్టులో ఉంది, అది తెలిస్తే తప్ప ఈ పద్ధతి ప్రాణం ఎక్కడుందో అర్థం కాదు.

తిమోతీ గాల్వే అనే టెన్నిస్ కోచ్ 1970లలో ఒక సంగతి గమనించాడు. చెయ్యి ఇలా తిప్పు, మోకాలు అలా వంచు అని చెప్పేకొద్దీ ఆటగాడు బిగుసుకుపోతున్నాడు. అందుకని సూచనలు తగ్గించి ఒక చిన్న పని అప్పజెప్పాడు. బంతి నేలను తాకగానే ‘బౌన్స్’ అనాలి, రాకెట్‌కు తగలగానే ‘హిట్’ అనాలి, అంతే. ఆ రెండు మాటలు సమయానికి అనాలంటే బంతిని నిజంగా చూడాలి. చూడటం మొదలయ్యాక ఆట దానంతటదే కుదురుకునేది. గ్రోలో రియాలిటీ అనే మెట్టు చేసే పని సరిగ్గా ఇదే. నాలుగు మెట్లలో అసలు సంభాషణ జరిగేది అక్కడే. మనవాళ్లు దాన్ని రెండు నిమిషాల్లో దాటేసి ఆప్షన్స్‌కు దూకుతున్నారు. ఆ ఆప్షన్స్ కూడా మేనేజరే చెబుతున్నాడు.

ఆ ఇంజినీర్‌తో నలభై ఐదు నిమిషాలు కూర్చున్నాను. ఏం కావాలని అడిగితే ‘మేనేజర్ అవ్వాలి’ అన్నారు. ఆ మాట పక్కన రాసిపెట్టి, ‘ఈ రోజు మనం లేచేసరికి ఏం తేలితే బాగుంటుంది?’ అని అడిగాను. ‘ఇక్కడే ఉండాలో, బయట చూసుకోవాలో తేలితే చాలు’ అన్నారు. కెరీర్ మొత్తానికి గోల్ వేరు, ఆ పూట మాటకు గోల్ వేరు. రెండోది చేతికందే సైజులో ఉంటుంది.

తర్వాత లెక్క అడగడం మొదలుపెట్టాను. గత ఆరు నెలల్లో కంపెనీలోనే ఎన్ని ఖాళీలకు అప్లై చేశారు? ఒక్కటీ లేదు. ఈ విషయం ఎవరెవరితో మాట్లాడారు? ఇంట్లో, మీతో. ఇక్కడే నా నోటిదాకా ‘ఎందుకు అప్లై చేయలేదు’ అనే మాట వచ్చింది. ఆపుకున్నాను. మన భాషలో పైవాడి నోటి నుంచి వచ్చే ‘ఎందుకు చేయలేదు’ ప్రశ్న కాదు, చివాటు. వినగానే మనిషి సంజాయిషీ వెతుక్కుంటాడు. ‘ఏం అడ్డొచ్చింది?’ అని అడిగాను. కాసేపు ఆగి, ‘రెజ్యూమేలో ఏం రాయాలో తెలియలేదు’ అన్నారు.

అప్పుడు అడిగాను, ఈ ఏడాదిలో టైమ్ తెలియకుండా పని చేసిన రోజు ఏది అని. రాత్రి బ్యాచ్ జాబులు ఫెయిలైతే వచ్చే టికెట్లను వాటంతటవే వేరుచేసే స్క్రిప్ట్ ఒకటి రాసుకున్నారట. చేత్తో గంటన్నర పట్టే పని పది నిమిషాల్లో అయిపోతోందట. అది ఎవరికి తెలుసంటే షిఫ్టులో ఉన్న ఇద్దరికి. వాళ్ల మేనేజర్‌నైన నాకు ఆ క్షణం వరకు తెలియదు! ఆయన గొంతు మారింది. నేను రాసిపెట్టిన ‘మేనేజర్’ అనే మాట చూపిస్తే, తల అడ్డంగా ఊపి, ‘నాకు ఇలాంటి పని కావాలి, పాప స్కూలుకు వెళ్తోంది కాబట్టి పగటి షిఫ్టు కావాలి’ అన్నారు. గోల్ అప్పుడు పుట్టింది. అందుకే ఇరుక్కున్న మనిషి మొదట చెప్పే గోల్‌ను పట్టుకుని ముందుకు పోకూడదు. రియాలిటీ చూశాక మళ్లీ వెనక్కి వచ్చి అదే ప్రశ్న అడగాలి.

ఆప్షన్స్ దగ్గర నేను వాడింది ఒకే మాట, ‘ఇంకా?’. మొదటి మూడు అందరికీ తట్టేవే. నాలుగోసారి అడిగి ఊరుకుంటే, ఆటోమేషన్ టీమ్‌లో వారానికి ఒక రోజు పని చేస్తానని ఆయనే అన్నారు. చివర్లో ఏం చేస్తారు, ఏ రోజు, ఎంత ఖాయం అని అడిగాను. పదికి ఆరు అన్నారు. ఆరంటే జరగదని అర్థం. ‘ఎనిమిది కావాలంటే ఏం మారాలి?’ అంటే, ఆ టీమ్ లీడ్‌ను నేరుగా అడగాలంటే బెరుకన్నారు. పని చిన్నది చేశాం. గురువారంలోగా స్క్రిప్ట్ గురించి ఒక పేజీ రాసి నాకు పంపడం ఆయన వంతు, దాన్ని ఆ లీడ్‌కు పరిచయం చేయడం నా వంతు. అప్పుడు తొమ్మిదన్నారు. బుధవారం రాత్రే మెయిల్ వచ్చింది. రెండు నెలలకు వారంలో ఒక రోజు దొరికింది. పగటి షిఫ్టుకు మాత్రం చాలాకాలం పట్టింది.

ఇదంతా టైమ్ వేస్టు, తెలిసిన సీనియర్ దారి చెబితే ఐదు నిమిషాల పని అనేవాళ్లున్నారు. పని రానివాడికి నేర్పాల్సిందే, ఒప్పుకుంటాను. పై బ్యాండ్‌లో ఖాళీలే లేకపోతే ఆ నిజం ముఖాన చెప్పాలి, ప్రశ్నల వెనక దాచకూడదు. నిద్ర పట్టక, తిండి సహించక కుంగిపోయిన మనిషికి కావాల్సింది డాక్టర్. కానీ తొమ్మిదేళ్ల అనుభవం ఉన్నవాడు క్లౌడ్ అనే మాట తెలియక ఆగిపోయాడా?

నన్ను బాధపెట్టేది ఇంకొకటి. ఆ రోజు ఆయన వెళ్తూ, ‘నాకేం కావాలో ఇంతసేపు ఎవరూ అడగలేదన్నా’ అన్నారు. పదో తరగతి కాగానే ఎంపీసీలో ఇంట్లోవాళ్లు చేర్పించారు. ఎంసెట్ ర్యాంకు బ్రాంచ్‌ను తేల్చింది. క్యాంపస్‌లో ముందు వచ్చిన కంపెనీ ఉద్యోగమిచ్చింది, ట్రైనింగ్ అయ్యాక సపోర్ట్‌లో వేసింది. మన తెలుగు ఇళ్లలో వేలమంది పిల్లలు ఈ దారిలోనే వస్తున్నారు. ముప్పై రెండేళ్లకు ‘నీ గోల్ ఏంటి’ అని ఒక్కసారిగా అడిగితే, పక్క క్యూబికల్‌లో విన్న మాటే చెబుతారు. ఇంటర్ గ్రూపు ఎంచుకునే రోజే, ఏ పని చేస్తుంటే నీకు టైమ్ తెలియదురా అని ఇంట్లో ఒక్కరు అడిగి, జవాబు వచ్చేదాకా ఊరుకుని ఉంటే, ఆ స్క్రిప్ట్ రాసిన మనిషి తొమ్మిదేళ్ల ముందే ఆ టీమ్‌లో ఉండేవారు.