బూస్టర్ యాప్‌లకు గేమ్ వేగం పెంచే శక్తి ఉందా?

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో 4 జీబీ ర్యామ్ ఫోన్‌తో బీజీఎంఐ ఆడే కుర్రాళ్లు చాలామంది మ్యాచ్‌కి ముందు బూస్టర్ యాప్ తెరిచి రాకెట్ బొమ్మ నొక్కుతారు. ఇంత ర్యామ్ ఖాళీ అయిందని తెరపై ఒక అంకె రాగానే ధీమాగా గేమ్‌లోకి దూకుతారు.

ర్యామ్‌లో ఊరికే పడి ఉన్న యాప్ గేమ్‌కి అడ్డు కాదు. చోటు చాలకపోతే అలాంటి యాప్‌ను ఆండ్రాయిడే తీసేస్తుంది. బూస్టర్ ముందుగానే అన్నిటినీ ఆపేస్తే ఏమవుతుంది? మెసేజ్ రాగానే వాట్సాప్ మళ్లీ మొదటినుంచి లేవాలి. మీరు గురిపెట్టిన క్షణంలోనే ఆ భారం ప్రాసెసర్ మీద పడవచ్చు.

పైగా ఇప్పుడు ఆ ఆపే అధికారం కూడా లేదు. ఆండ్రాయిడ్ 14 నుంచి `killBackgroundProcesses()` అనే ఆదేశం, దాన్ని వాడిన యాప్ సొంత ప్రాసెస్‌లను మాత్రమే ఆపగలదు. కొత్త ఫోన్‌లో రాకెట్ ఎంత ఎగిరినా ఈ దారిన పక్క యాప్ కదలదు.

నాకు భయమేసేది ఇక్కడే. ఈ దారి మూసుకుపోతే మిగిలేది యాక్సెసిబిలిటీ అనుమతి. అది వైకల్యం ఉన్నవాళ్ల కోసం పెట్టిన సౌకర్యం. అది ఇస్తే యాప్ తెరపై ఉన్నది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఒక్కో యాప్‌కీ Force stop తనే నొక్కుతుంది. నిజంగానే పనిచేస్తుంది, కాదనను. కానీ మీ బ్యాంకు యాప్, యూపీఐ ఉన్నదీ ఆ ఫోన్‌లోనే. యాడ్లతో బతికే ఉచిత యాప్‌కి ఇంటి తాళాలు ఇస్తామా?

మరి గేమ్ ఎందుకు ఆగుతోంది? మొదటి మ్యాచ్ సాఫీగా నడిచి, తర్వాత మెల్లగా నత్తనడక పడితే అది వేడి. మే నెలలో పై అంతస్తు గదిలో, ఛార్జింగ్ పెట్టి ఆడితే ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఛార్జర్ తీసి, కవర్ తొలగించి, గేమ్‌లో గ్రాఫిక్స్, ఫ్రేమ్ రేట్ ఒక మెట్టు దించండి. మొదటి నిమిషం నుంచే ఆగుతుంటే ఆ గ్రాఫిక్స్‌కి ఫోన్ చాలట్లేదేమో. మీ కదలికలు బాగానే ఉండి, ఎదుటివాడు ఒకచోట మాయమై ఇంకోచోట తేలితే గొడవ నెట్‌ది. వీటిలో దేనికీ రాకెట్ దగ్గర మందు లేదు.

ఫోన్ కంపెనీ ఇచ్చే గేమ్ మోడ్ సంగతి వేరు. దానికి సిస్టమ్ అధికారాలు ఉంటాయి, ప్రాసెసర్ తీరును మార్చగలదు. అయినా వేడి ముందు అదీ తలొగ్గాల్సిందే. స్టోరేజీ నిండిపోతే మాత్రం ఖాళీ చేయడం మంచిదే, దానికి సెట్టింగ్స్ చాలు.

బూస్టర్ ఇప్పటికే ఉంటే, తీసేసే ముందు Settings లో Accessibility తెరిచి దానికి అనుమతి ఉందేమో చూడండి. ఉంటే ముందు అది ఆపేయండి.