లప్పం మహాత్మ్యం

పేరు చెప్పడం మర్యాద కాదు కనుక, తెల్లవారి కాలంలో కట్టిన ఒక పాత రైల్వే స్టేషనులో అని మాత్రమే చెబుతాను. నేను ఎక్కవలసిన బండి రెండు గంటలు ఆలస్యంగా వస్తుందని తేలడంతో, అక్కడ జరుగుతున్న ‘వారసత్వ పునరుద్ధరణ’ను తీరిగ్గా దర్శించే భాగ్యం కలిగింది. ప్లాట్‌ఫారం కప్పును మోస్తున్న పోత ఇనుప స్తంభాలలో ఒకదాని మొదట్లో వేలు దూరేంత రంధ్రం ఉన్నది. అందులోంచి టీ డికాక్షన్ రంగులో నీరు సన్నగా కారుతున్నది. ఒక కుర్రవాడు బొచ్చెలో లప్పం కలిపి, రేకుతో ఆ రంధ్రాన్ని పూడ్చి, ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది, పైన బంగారు రంగు పూశాడు. దాని చుట్టూ గ్రానైట్ పలకల పీట కూడా సిద్ధమవుతున్నది. ఫొటోలో అద్భుతంగా వస్తుందని సూపర్‌వైజరు గారు సెలవిచ్చారు. ఆ మాట ముమ్మాటికీ నిజం.

ఆ రంధ్రం పొరపాటున ఏర్పడినది కాదన్న సంగతి ఆయనకు చెప్పి మనసు కష్టపెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. పందొమ్మిదో శతాబ్దపు స్టేషన్లలో చాలాచోట్ల కప్పు మీది వాననీటిని బోలు స్తంభాల గుండానే కిందికి దింపేవారు. ఒకే స్తంభం అటు బరువు మోసేది, ఇటు తూముగానూ పనిచేసేది. అడుగున దారి మూసుకుపోతే నీరు స్తంభం లోపలే నిలిచి, లోగోడను ఎవరికీ కనబడకుండా తింటుంది. పైన బంగారు రంగు ఎంత దట్టంగా ఉంటే ఈ సంగతి అంత ఆలస్యంగా బయటపడుతుంది. ముప్పై ఏళ్ల తరువాత బయటపడేది మన పదవీకాలంలోకి రాదు కాబట్టి, దీనిని శాశ్వత పరిష్కారంగానే లెక్క వేసుకోవచ్చు.

లప్పం శాస్త్రం మనవాళ్లు కొత్తగా కనిపెట్టిందని ఎవరైనా గర్వపడబోతే, వారికి స్కాట్లాండులోని టే నది వంతెన కథ చెప్పక తప్పదు. డండీ పట్టణం దగ్గర, సుమారు 3 కిలోమీటర్ల పొడవున థామస్ బౌచ్ కట్టించిన ఆ వంతెన 1878లో ప్రారంభమైంది. దాని స్తంభాల గొట్టాలను పక్కనే, వార్మిట్‌లో, ఒక ఫౌండ్రీ పెట్టి పోత పోశారు. బోలు గొట్టాన్ని పోయాలంటే అచ్చు మధ్యలో ఇసుక దిమ్మెను నిలపాలి. అచ్చును పడుకోబెట్టి పోస్తే, ఆ దిమ్మె కరిగిన ఇనుములో పైకి తేలాలని చూస్తుంది. అది కాస్త కదిలినా గొట్టం గోడ ఒకవైపు మందంగా, ఇంకొకవైపు పలచగా తయారవుతుంది. ఇక ఇనుములో చిక్కుకున్న గాలి బుడగలు చల్లారాక తొర్రలుగా మిగులుతాయి. తొర్ర పడిన గొట్టాన్ని పగలగొట్టి మళ్లీ పోయడం అజ్ఞానుల పద్ధతి. వార్మిట్ జ్ఞానులు తేనెమైనం, ఫిడేలు కమానుకు రుద్దే రోజిన్, సన్నని ఇనుప రజను, దీపపు మసి కలిపి కరిగించి ఆ తొర్రలలో నింపారు. ఈ పదార్థం పేరు ‘బ్యూమాంట్ గుడ్డు’. మనకు తెలిసిన గాడిద గుడ్డుకు ఇది పినతల్లి బిడ్డ అని నా అనుమానం.

ఆ దృశ్యాన్ని ఒక్కసారి ఊహించుకోండి. పొయ్యి మీద మైనం కరుగుతున్నది. ఒక పెద్దమనిషి గరిటె తిప్పుతూ మసి చాలిందా, ఇంకొక చిటికె వేయాలా అని ఆలోచిస్తున్నాడు. చల్లారిన ముద్దను రాతితో రుద్దితే అచ్చం ఇనుములాగే మెరుస్తుంది. తనిఖీకి వచ్చినాయన తట్టి, తలపంకించి, సంతకం చేసి వెళతాడు. నేటి లప్పం అయస్కాంతం పెడితే దొరికిపోతుంది. రజను కలిసిన ఆ గుడ్డు అయస్కాంతాన్ని కూడా కొంత మాయ చేయగలదు. ఈ విషయంలో మనం వెనకబడే ఉన్నామని విచారంతో ఒప్పుకోవాలి.

పోత ఇనుముకు ఒక స్వభావం ఉన్నది. పైనుంచి నొక్కితే అది ఏనుగులా మోస్తుంది. లాగితే మాత్రం ముందుగా వంగి హెచ్చరించకుండా పుటుక్కున విరుగుతుంది. టే స్తంభాలను గాలికి ఊగకుండా పట్టి ఉంచిన ఐమూల పట్టీలన్నీ, స్తంభంతో కలిపే పోత పోసిన చెవులకు బోల్టులతో తగిలించి ఉండేవి. లాగుడంతా ఆ చెవుల మీదే. వాటి రంధ్రాలను తొలిచే ఖర్చు మిగుల్చుకోవడానికి పోతలోనే వదిలారు. అచ్చు ఊడి రావాలి కనుక ఆ రంధ్రాలు ఒకవైపు వెడల్పుగా, మరొకవైపు ఇరుకుగా వచ్చాయి. దానితో బోల్టు రంధ్రం పొడవునా ఆనకుండా ఒక అంచు మీదే ఆనింది. తరువాత పరీక్షిస్తే, ఆ చెవులకు అనుకున్న బలంలో సగం కూడా లేదని తేలింది.

వంతెన బాగోగులు చూడటానికి నియమించిన హెన్రీ నోబుల్‌కు ఇటుక పని తెలుసు, ఇనుము పని తెలియదు. బండి వెళుతున్నప్పుడు పట్టీలు గడగడలాడటం ఆయన చెవిన పడింది. వదులైన వందకు పైగా కీళ్లలో ఆయన పలచని ఇనుప ముక్కలు దిగగొట్టించాడు. చప్పుడు ఆగింది. అప్పటికే పక్కకు జరిగిన స్తంభాలను సరిచేయకుండా, జరిగిన చోటనే బిగించాడన్నమాట. రోగి మూలుగుతుంటే నోట్లో గుడ్డ కుక్కి, నొప్పి తగ్గిందని రాసుకోవడం వంటిదే ఇది.

1879 డిసెంబరు 28 రాత్రి, తుపాను గాలిలో, బండి పైన ఉండగానే నడిమి భాగంలోని పదమూడు పెద్ద దూలాలూ నదిలో పడిపోయాయి. ఒక్కరూ బతకలేదు. చనిపోయినవారు 75 మంది అని ఆనాటి లెక్క, పేర్లతో సహా తేలినవారు 59 మంది. ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. నదిలో పడిన వాళ్లకు ఆ స్తంభంలో మైనం ఉందని ఎవరు చెప్పారు? రుద్దినవాడికి తెలుసు, రుద్దించినవాడికి తెలుసు, టికెట్టు కొన్నవాడికి మాత్రమే తెలియదు. సరిగా రూపొందించలేదు, సరిగా కట్టలేదు, సరిగా చూసుకోలేదు అని విచారణాధికారి రోథరీ మూడు ముక్కల్లో తేల్చాడు. ఆ మూడూ తెలిసిన తరువాత కూడా, దాదాపు నూట యాభై ఏళ్లకు, బంగారు రంగు డబ్బా పట్టుకుని నాలుగోది చేర్చేవాళ్లను ఏమనాలి?

అసలు పని ఏమంత రహస్యం కాదు. ముందుగా నీటి దారి తెరవాలి. స్తంభానికి ఎదురెదురు వైపుల సన్నని రంధ్రాలు తొలిచి గోడ మందం కొలవాలి, ఎందుకంటే ఒకవైపే కొలిస్తే మందమైన వైపే చేతికి దొరకవచ్చు. తడిలో ఏళ్ల తరబడి నిలిచిన పోత ఇనుములో ఇనుము కరిగిపోయినా గ్రాఫైటు అదే ఆకారంలో మిగిలి, చూపుకు చెక్కుచెదరనట్టే ఉంటుంది. కత్తిమొనతో గీస్తే పెన్సిలు ములుకులా రాలుతుంది. పగులు కనిపించగానే వెల్డింగు మిషను తేకూడదు. కార్బను ఎక్కువైన ఆ లోహం, వేడి తగిలిన చోటు పక్కనే కొత్తగా పగులుతుంది. పగులుకు అడ్డంగా వరుస రంధ్రాలు తొలిచి, వాటిలో నికెలు మిశ్రమ లోహపు బందులు కొట్టి, వేడి చేయకుండానే కుట్టాలి. మన రాజమహేంద్రవరంలో 1900లో తెరిచిన హేవలాక్ వంతెన వంటి రాతి స్తంభాలు, ఉక్కు దూలాల కట్టడాలకు వచ్చే జబ్బు వేరు. రివెట్లతో బిగించిన పలకల మధ్య తుప్పు పట్టి, ఉబ్బి, పలకలనే విడదీస్తుంది. రంగు ఆ సందులోకి పోదు, లప్పం అసలే పోదు.

బండి వచ్చే వేళకు ఆ కుర్రవాడు మళ్లీ అదే స్తంభం దగ్గర కూర్చుని కనిపించాడు. “సార్, లోపలి నుంచి తోస్తోంది, లప్పం నిలవడం లేదు” అని చెబుతున్నాడు. సూపర్‌వైజరు గారు ఫోనులోంచి తల ఎత్తకుండానే, “అయితే కొంచెం చిక్కగా కలుపు” అన్నారు.