లెడ్ జెప్పెలిన్ ప్లేటుకి ఇరవై వేలు ఇచ్చే ముందు లేబుల్ పక్కన చూడండి

ఈమధ్య వైజాగ్‌లో పాత ఎల్పీలు అమ్మే ప్రతి ఒక్కరిదీ ఒకటే పాట: "ఒరిజినల్ ఫస్ట్ ప్రెస్ సార్." పాత సామాన్ల కొట్లలోనూ అదే, ఇల్లు ఖాళీ చేస్తున్న రిటైర్డ్ నేవీ వాళ్ల అట్టపెట్టెల దగ్గరా అదే, వాట్సాప్ గ్రూపుల్లోనూ అదే. ఫస్ట్ ప్రెస్ అంటే ఆల్బమ్ వచ్చిన కొత్తలో ఒత్తిన ప్లేటు. ఇక్కడ అట్ట పసుపెక్కితే చాలు, ఫస్ట్ ప్రెస్ అయిపోతోంది. ధర కూడా దాన్ని బట్టే పెరుగుతోంది.

పోయిన నెల ఒకాయన బ్రిటిష్ రాక్ బ్యాండ్ లెడ్ జెప్పెలిన్ రెండో ఆల్బమ్, అమెరికన్ ప్లేటు, నా చేతిలో పెట్టి ఇరవై వేలన్నాడు. ఎందుకంత అంటే లేబుల్ మీద వేలు పెట్టి "1841 బ్రాడ్‌వే ఉంది చూడండి బాబూ, ఇంకేటి కావాలి?" అన్నాడు. అది ఈ ఆల్బమ్ వేసిన అట్లాంటిక్ కంపెనీ పాత అడ్రస్. ఆల్బమ్ వచ్చింది 1969 అక్టోబర్‌లో. లేబుల్ మీద ఆ అడ్రస్ 1970ల మధ్య దాకా కొనసాగి, తర్వాత రాక్‌ఫెల్లర్ ప్లాజాకి మారింది. అంటే ఆయన చూపించిన రుజువుతో తేలేది ఆ ప్లేటు ఆ అయిదారేళ్లలో ఎప్పుడో అచ్చయిందని మాత్రమే.

ఈ ఆల్బమ్‌కి కలెక్టర్లు అంత డబ్బు పోసేది వేరే దానికి. టేపు నుంచి ప్లేటు రావాలంటే ముందు ఒక ఇంజనీరు వార్నిష్ లాంటి పూత పూసిన పళ్లెం మీద గాడి కోయాలి. దాన్నుంచి లోహపు అచ్చులు తీసి, వాటితో ప్లేట్లు ఒత్తుతారు. అదే టేపు, అదే అట్ట, అదే లేబుల్ పెట్టుకుని గాడి మాత్రం మళ్లీ కొత్తగా కోయొచ్చు. మొదటిసారి కోసింది బాబ్ లడ్విగ్. బాస్ తగ్గించకుండా, సౌండ్ గట్టిగా పెట్టి కోశాడు. గాడి వంపులు పెద్దవి కావడంతో చవక ప్లేయర్ల మీద ముల్లు ఎగిరిపోయేది. కంపెనీ అధిపతి అహ్మెట్ ఎర్టెగన్ వాళ్లమ్మాయి ప్లేయర్ మీద కూడా ఎగిరిందని ఒక కథ చెప్పుకుంటారు. ఆ కథ నిజమైనా కాకపోయినా, కంపెనీ ఆ కోత ఆపేసి, సౌండ్ కాస్త తగ్గించి మళ్లీ కోయించింది. ఈ రెండు కోతల మధ్య తేడా డ్రమ్స్ మొదలయ్యేసరికే తెలిసిపోతుంది.

ఏది ఏదో తేల్చుకోవడానికి పాట అయిపోయాక లేబుల్ చుట్టూ మిగిలే నునుపైన ఖాళీ చూడాలి. దాన్ని డెడ్ వాక్స్ అంటారు. మొబైల్ టార్చ్ ఏటవాలుగా పట్టుకుంటే చేత్తో గీసిన అక్షరాలు కనిపిస్తాయి. లడ్విగ్ ప్లేటైతే నంబర్ల పక్కన ఆర్, ఎల్ అని ఉంటుంది. రెండు వైపులా చూడాలి. నాకు అమ్మజూపినాయన ప్లేటు మీద ఏ వైపూ లేవు. "అక్షరాలదేముంది బాబూ, ప్లేటు పాతదే కదా!" అన్నాడు. పాతదే, కాదన్నదెవరు?

సరే, ఆ అక్షరాలు ఉన్నా కళ్లు మూసుకుని కొనేయకూడదు. ఆ రోజుల్లో చాలా ప్లేట్లు బరువైన ముల్లున్న పార్టీ ప్లేయర్ల మీద అరిగాయి. అరిగిన గాడి వెలుతురులో నల్లగా మెరవదు, బూడిద రంగులోకి తిరుగుతుంది. ప్రతి వైపు చివరి పాటలో గొంతు గరగరలాడుతుంది. మన సముద్రపు తేమకి పట్టే బూజు అలా కాదు, తెల్లటి చుక్కలుగా కనిపిస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌తో మెత్తగా తుడిస్తే చాలావరకు పోతుంది. అరుగుదల మాత్రం దేనితోనూ పోదు. అందుకే బూజు చూసి భయపడి మంచి ప్లేటు వదిలేసేవాళ్లన్నా, అట్ట నీటుగా ఉందని అరిగిన ప్లేటు ఎత్తుకెళ్లేవాళ్లన్నా నాకు ఒళ్లు మండుతుంది.

అరిగిపోయిన లడ్విగ్ ప్లేటు కన్నా 2014 రీఇష్యూ నాకు వెయ్యి రెట్లు నయం. బ్యాండ్ గిటారిస్టు జిమ్మీ పేజ్ దగ్గరుండి చేయించాడు. డిజిటల్ ఫైల్ నుంచి కోశారని ముక్కు విరిచేవాళ్లున్నారు. లడ్విగ్ కోతలో ఉన్న దూకుడు ఇందులో లేదు, అది ఒప్పుకుంటాను. కానీ చప్పుడు లేకుండా నిండుగా మోగుతుంది, ఖరీదు ఆ అమ్మకందారు అడిగిన దాంట్లో చిన్న ముక్క. దాని మీద 180 గ్రాములని గొప్పగా రాస్తారు గానీ, బరువు వల్ల సౌండ్ బాగుపడదు. గాడి ఎవరు కోశారు, ఎంత శుభ్రంగా ఒత్తారు అన్నదే లెక్క.

ఆ ప్లేటు నేను కొనలేదు. మామూలు పాత ప్లేటు ధర ఇస్తానంటే ఆయన నవ్వి పెట్టె మూసేశాడు. మర్నాడు గ్రూపులో అదే ప్లేటు ఇరవై రెండు వేలకి కనిపించింది. లేబుల్ ఫొటోలు మూడు పెట్టాడు, డెడ్ వాక్స్ ఫొటో ఒక్కటీ లేదు. ఎవరైనా కొనే ఆలోచనలో ఉంటే ముందు ఆ ఫొటో అడగండి, రెండు వైపులదీ.