సవరణ: మరాఠీ ఉపవిధుల్లో కోరం వాక్యం

"మా ముంబై హౌసింగ్ సొసైటీలో 24 మంది సభ్యులం. 'మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతులు కింవా 20' అని మరాఠీలో రాయమన్నారు. మాకు కోరం ఎంత?"

మీకు కోరం 16 మంది. ఆ వాక్యంలో 'యా దోహోంపైకీ జీ సంఖ్యా కమీ అసేల్ తీ' అని తప్పకుండా చేర్చుకోండి. రెండింటిలో తక్కువదే లెక్క అని దాని అర్థం. మహారాష్ట్ర హౌసింగ్ సొసైటీల మోడల్ బైలాస్‌లో ఉన్నది అదే. 60 మంది ఉన్న చోట 20 చాలు.

ఉత్త 'కింవా', అంటే 'లేదా', ఉంటే ఎవరికి కావాల్సిన అంకె వాళ్లు పట్టుకుంటారు. 17 మంది వచ్చిన సభలో మెయింటెనెన్స్ పెంచితే, గిట్టనివాళ్లు 20 లేరు కాబట్టి చెల్లదంటారు. ఈ షరతును విడి వాక్యంగా తెంచకండి, అంకెలను అంటిపెట్టుకునే ఉండాలి. క్రియ కూడా 'అసావీ' వద్దు, అది సలహాలా వినిపిస్తుంది. మరాఠీలో కోరంను గణపూర్తీ అంటారు కాబట్టి 'గణపూర్తీ... అసేల్' అని ముగించండి.