చిన్న అక్షరాలను వదిలేయండి, అర్థం ఎక్కడ చీలిందో చూడండి

ఆఫీసు చాట్‌లో ఎవరైనా చిన్న అక్షరంతో మొదలుపెడితే, చివర ఫుల్‌స్టాప్ పెట్టకపోతే, అదేదో ఘోరం జరిగినట్టు గ్రూపులో అందరి ముందూ దిద్దే అలవాటు మా బెంగళూరు ఆఫీసుల్లో బాగా ముదిరింది. నాకిది అస్సలు నచ్చదు. రాసినవాళ్లను చిన్నబుచ్చడం ఒకటైతే, పట్టుకోవాల్సిన అసలు తప్పు ఆ గోలలో జారిపోవడం ఇంకొకటి.

బెళ్లందూరులో మా ఆఫీసులోనే జరిగింది చెప్తాను. కర్నూలు నుంచి వచ్చి కొత్తగా చేరిన కుర్రాడు మధ్యాహ్నం మూడింటికి, సర్వర్ రీస్టార్ట్ చేసేయమంటారా అని అడిగాడు. లీడ్ మీటింగులో ఉండి ఫోన్‌లోంచి కొట్టిన జవాబు ఇది:

```
no need to wait for us will do restart by 6
```

కుర్రాడికి అర్థమైంది: మా కోసం ఆగక్కర్లేదు, ఆరులోపు కానిచ్చెయ్. లీడ్ ఉద్దేశం: వద్దు, అమెరికా టీమ్ కోసం ఆగాలి, ఆరులోపు వాళ్లే చేస్తారు. `no` తర్వాత కామా లేదు. `us` అంటే మనమో అమెరికానో తేలదు. రీస్టార్ట్ చేసేదెవరో రాయలేదు. ఆరంటే కాలిఫోర్నియాలో ఉదయం ఆరు. అప్పుడు వేసవి కాబట్టి మనకు సాయంత్రం 6:30, అదే చలికాలమైతే 7:30. అక్కడివాళ్లు రాత్రి మొదలుపెట్టిన డేటా కాపీ ఇంకా నడుస్తూనే ఉంది. వీడు రీస్టార్ట్ కొట్టగానే అది సగంలో తెగిపోయి, మళ్లీ మొదటి నుంచి నడపాల్సి వచ్చింది. "అన్నా, ఆగక్కర్లేదనే కదా ఉంది" అని ఆ అబ్బాయి కాల్‌లో అడిగితే ఒక్కరూ నోరు మెదపలేదు. చివాట్లు మాత్రం వాడికే పడ్డాయి.

ఆ తర్వాత వచ్చిన ఆర్డరు ఏమిటంటే, ఇకపై ప్రతి మెసేజ్ క్యాపిటల్ లెటర్‌తో మొదలై ఫుల్‌స్టాప్‌తో ముగియాలట. సరే, ఆ ప్రకారమే దిద్దుదాం:

```
No need to wait for us will do restart by 6.
```

బట్టలు ఇస్త్రీ చేశారు గానీ జ్వరం అలాగే ఉంది. ఇప్పుడు ఇది చూడండి:

```
no, pls wait for the us team, they'll restart by 6:30pm ist today
```

అన్నీ చిన్న అక్షరాలే, `pls` ఉంది, చివర ఫుల్‌స్టాప్ లేదు. అయినా దీన్ని రెండు రకాలుగా చదవడం కుదరదు. ఆర్డరు ప్రకారం దిద్దినది చూడ్డానికి పద్ధతిగా ఉంది గానీ నిర్లక్ష్యం దానిలోనే ఉంది.

చాట్‌లో సెండ్ నొక్కడమే ఫుల్‌స్టాప్. పైగా చిన్న జవాబు చివర చుక్క పెడితే ముభావంగా వినిపిస్తుంది కూడా. బింగమ్‌టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2015 చివర్లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్క ముక్క టెక్స్ట్ జవాబుల చివర చుక్క ఉంటే చదివినవాళ్లకు మనస్ఫూర్తిగా అన్నట్టు అనిపించడం తగ్గింది. అదే జవాబు చేత్తో రాసిన చీటీలో ఉంటే ఆ తేడా కనిపించలేదు. అంటే చాట్‌లో చుక్క వదిలేసేవాళ్లకు వ్యాకరణం రాదని కాదు, అక్కడి మర్యాద వాళ్లకు తెలుసు.

ప్రశ్న గుర్తు సంగతి వేరు. దాన్ని మాత్రం నేను వదలను. `backup done` అని వస్తే, అయిందని చెప్తున్నారా, అయిందా అని అడుగుతున్నారా? తెలుగులో 'అయింది', 'అయిందా' అంటే గుర్తు లేకపోయినా తేడా తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌లో ఇలాంటి తెగ్గొట్టిన వాక్యానికి ఆ గుర్తొక్కటే ఆధారం. మనవాళ్లు మనసులో 'అయిందా' అనుకుంటూనే గుర్తు లేకుండా టైప్ చేసేస్తారు. అవతలివాళ్లు బ్యాకప్ ఉందనుకుని పాత డేటా తీసేస్తే తిరిగి తెచ్చేదెవరు?

అందుకే నా దగ్గరికి మెసేజ్ చూడమని ఎవరైనా పంపితే స్పెల్లింగ్ జోలికి వెళ్లను. ముందు `no`, `not` ఎక్కడున్నాయో, అవి దేన్ని కాదంటున్నాయో చూస్తాను. తర్వాత పని ఎవరిదో, టైమ్ ఏ ఊరిదో. అర్ధరాత్రి దగ్గర పడ్డాక `tmrw` కనిపిస్తే కొట్టేసి తేదీ రాయమంటాను. కమాండ్ ఉంటే ఒక్క అక్షరం కూడా మార్చను, మార్చనివ్వను. `git branch -d` మెర్జ్ కాని బ్రాంచ్‌ని తీసేయకుండా ఆపుతుంది, `-D` ఆపదు. ఫోన్ కీబోర్డు తనంతట తానే క్యాపిటల్ చేసే చోట ఇది మరీ ప్రమాదం. `thx`, `u`, `fyi` లాంటివి ఉన్నా నాకేం ఇబ్బంది లేదు.

ఇంకొక్క మాట, ముఖ్యంగా లీడ్‌లకు. తప్పు కనిపించగానే పాత మెసేజ్‌ని చప్పుడు చేయకుండా ఎడిట్ చేయకండి. నోటిఫికేషన్‌లో మొదటిది చదివి ఒకరు ఇప్పటికే పని మొదలుపెట్టి ఉండొచ్చు. రేపు గొడవైతే తెర మీద మీ సరైన మెసేజ్ మాత్రమే ఉంటుంది, తప్పు జూనియర్ మీదకు పోతుంది. దిద్దాల్సింది కొత్త మెసేజ్‌గా పెట్టండి, ఎవరికో వాళ్ల పేరు ట్యాగ్ చేయండి.