ఇల్లు తుడిచే చేతికి తగ్గ పాట

ఆదివారం పొద్దున ఇల్లు కడిగేటప్పుడు పాటలు పెట్టుకోవడం మా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. మొన్నమొన్నటి దాకా నా పద్ధతి ఒక్కటే. ఫోన్‌లో ఉన్న పాటల్లోకెల్లా స్పీడు పాట పెట్టి, సౌండు పెంచి, మాప్ కర్ర అందుకోవడం. రెండో పాటకే నడుము పట్టేసేది. నేల ఆరాక చూస్తే టైల్స్ మీద తెల్లటి చారలు. మాప్ మారిస్తే చారలు పోలేదు, ఫ్లోర్ క్లీనర్ మారిస్తేనూ పోలేదు. ఒక ఆదివారం సోఫాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అమ్మ అంది: "పాట నీ కోసం ఆగదు కదే. నువ్వే దాని వెనకాల పరుగెడుతున్నావు."

అమ్మకు ఈ మాట అనే అర్హత ఉంది. చిన్నప్పుడు ఆమె ఊళ్లో వడ్లు దంచడం చూసింది, పెద్దయ్యాక తనూ దంచింది. ఒకే రోటి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు రెండు రోకళ్లతో నిలబడతారు. ఒకరి రోకలి పైకి లేస్తుంటే ఇంకొకరిది కిందికి దిగాలి. లెక్క తప్పితే రోకళ్లు రెండూ కొట్టుకుంటాయి, లేదా గింజలు ఎగదోస్తున్న చెయ్యి నలుగుతుంది. ఆ లెక్క తప్పకుండా చూసేది పాటే. సువ్వి పాటల్లో పల్లవి మాటిమాటికీ ఎందుకు తిరిగొస్తుందో, పోటు పడేచోట ఊపిరి వదిలే ఊత ఎందుకు ఉంటుందో అప్పుడు అర్థమవుతుంది. చెయ్యి అలిసితే పాట నెమ్మదిస్తుంది. చేతులు మారితే మళ్లీ అందుకుంటుంది. పనిని చూసి పాట నడిచేది.

ఇప్పుడు మనం పెట్టుకునే పాట రికార్డయిన పాట. మన చెయ్యి అలిసిన సంగతి దానికి తెలియదు. అందుకే పనికి తగ్గ వేగమున్న పాటను ముందే ఎంచుకోవాలి. పని తేలికపడేది పాట స్పీడు వల్ల కాదు, మొదటినుంచి చివరిదాకా మారకుండా ఉండే దరువు వల్ల అని నా గట్టి నమ్మకం. కారణం సులువుగానే అర్థమవుతుంది. దరువు సమానంగా పడుతుంటే తర్వాతి దెబ్బ ఎప్పుడు పడుతుందో మనసుకు ముందే తెలుస్తుంది. చెయ్యి దానికి సర్దుకుంటుంది. ఒక్కో విసురుకూ మళ్లీ మనసును కూడగట్టుకోవాల్సిన పని ఉండదు. బ్రిటన్‌లో వ్యాయామానికీ సంగీతానికీ ఉన్న సంబంధం మీద ఏళ్ల తరబడి పనిచేసిన కోస్టాస్ కరాగియోర్గిస్ బృందం 2012లో ఒక చిన్న ప్రయోగం ఫలితాలు ప్రకటించింది. సైకిల్ తొక్కే కాళ్లకు సరిగ్గా సరిపడే దరువు ఒకసారి, కాళ్లకంటే కాస్త నెమ్మదైన దరువు ఇంకోసారి వినిపించారు. దరువుతో కాలు కలిసినప్పుడు అదే పనికి శరీరం సుమారు 7 శాతం తక్కువ ఆక్సిజన్ వాడింది. తొక్కింది కొద్దిమందే కాబట్టి ఆ అంకెను పట్టుకుని వేలాడనక్కర్లేదు. కానీ దరువు కలవడంలో ఏదో ఉందని మా అమ్మకు తెలిసిన సంగతే ల్యాబ్‌లోనూ కనిపించింది.

ఇక మా హాలు లెక్క చెబుతాను. వెడల్పు 12 అడుగులు, పొడవు 14 అడుగులు. రెండడుగుల టైల్స్ కాబట్టి అడ్డంగా ఆరు, నిలువుగా ఏడు. మాప్‌ను ఎడమనుంచి కుడికి ఒకసారి విసిరితే రెండు టైల్స్ వెడల్పు, అంటే నాలుగడుగులు వస్తుంది. అంటే హాలు మొత్తం మూడు వరసలు. ప్రతి విసురుకూ ఎనిమిది అంగుళాలు వెనక్కి జరిగితే ఒక వరసకు 21 విసుర్లు, మూడు వరసలకు 63. నిమిషానికి 120 దెబ్బలున్న పాట పెట్టి, రెండు దెబ్బలకు ఒక విసురు వేస్తే సెకనుకొకటి పడుతుంది. 63 విసుర్లకు నిమిషం పైన మూడు సెకన్లు. వరసకోసారి మాప్ బకెట్లో ముంచి పిండుకోవడం, కుర్చీలు జరపడం కలుపుకుంటే నాలుగు నిమిషాలు. ఒక సినిమా పాట ముగిసేలోపు హాలు అయిపోతుంది.

అదే 150 దెబ్బల పాట పెట్టాననుకోండి. నిమిషానికి 75 విసుర్లు పడతాయి. 63 విసుర్లకు 50 సెకన్లు. నాకు మిగిలేది 13 సెకన్లు మాత్రమే! ఆ 13 సెకన్ల కోసం చెయ్యి విసురు చివరిదాకా వెళ్లకుండానే మళ్లుతుంది. మాప్ నేలకు ఆనాల్సినంత ఆనదు. పిండడం కూడా హడావుడిగా సగమే పిండుతాం. సరిగా పిండని నీళ్లు మురికితో సహా నేల మీదే ఆరి చారలవుతాయి. నేను ఇన్నాళ్లూ క్లీనర్‌ను తప్పుపట్టాను. తప్పు నా పాటది. మీ పాట పనికంటే స్పీడుగా ఉందో లేదో తెలుసుకోవడానికి మూడు గుర్తులు చాలు: తుడుస్తూ ఊపిరి బిగబడుతున్నారా, మాప్ నుంచి నీళ్లు కారుతున్నాయా, మూలలు వదిలేసి మధ్యలోనే తిరుగుతున్నారా.

పాట వేగం కొలవడానికి సంగీతం రానక్కర్లేదు. పాట వింటూ తొడమీద తాళం వేయండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి 15 సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 30 పడితే 120. మామూలుగా చురుకుగా నడిచే మనిషి అడుగులు కూడా నిమిషానికి దాదాపు ఇంతే ఉంటాయి. ఈ వేగం ఒంటికి ఇబ్బంది పెట్టకపోవడానికి అదొక కారణం కావచ్చని నాకనిపిస్తుంది. ఒక్క తికమక ఉంది. ఒకే పాటకు ఒకరు 80 అని, ఇంకొకరు 160 అని చెబుతారు. ఇద్దరూ తప్పు కాదు. ఒకరు పెద్ద దెబ్బలు లెక్కపెడితే, ఇంకొకరు మధ్యలోవీ కలిపారు. కాబట్టి అంకె చూసి భయపడకుండా, మీ చెయ్యి ఏ దెబ్బకు సహజంగా పడుతోందో చూసుకోవాలి. గిన్నెలు తోమేటప్పుడు పీచు దెబ్బకొకసారి తిరుగుతుంది. అదే పాటకు మాప్ రెండు దెబ్బలకొకసారి కదులుతుంది. రెండు పనులకూ పాట మార్చనక్కర్లేదు.

వేగం సరిపోయినంత మాత్రాన పాట పనికొస్తుందని కాదు. ఆ వేగం మధ్యలో మారకూడదు. కోలాటం పాటలు, చెక్కభజన పాటలు నాకు ప్రాణం. కానీ అవి నెమ్మదిగా మొదలై పోనుపోను వేగం పుంజుకుంటాయి. ఆడేవాళ్లకు ఆ ఊపే కావాలి. బకెట్ పక్కన పెట్టుకుని తడి నేల మీద నిలబడ్డవాళ్లకు అది కాలు జారే దారి. బతుకమ్మ పాటలు వేరు. వంగి లేస్తూ, చప్పట్లు చరుస్తూ, ఉయ్యాలో అంటూ చుట్టూ తిరిగే పాట కాబట్టి, పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి అడుగు వేయగలిగేంత నిలకడగా సాగుతుంది. ఊడ్చే పనికి, బట్టలు మడతపెట్టే పనికి అంతకంటే మంచి నడక నాకు దొరకలేదు. సినిమా పాటల్లో కంప్యూటర్ బీట్ మీద కట్టినవి వేగం తప్పవు. పాతరోజుల్లో వాద్యగాళ్లంతా ఒక్కచోట కూర్చుని వాయించిన పాటల్లో కాస్త హెచ్చుతగ్గులుంటాయి. అది పెద్ద ఇబ్బంది కాదు. అసలు ఇబ్బంది మధ్యలో బీట్ ఆగిపోయి ఆలాపనో డైలాగో వచ్చే పాటలతో. అక్కడ చెయ్యి కూడా ఆగిపోతుంది. ఆగిన చెయ్యి ఫోన్ వైపు వెళ్తుంది.

ఈ సంగతి పెద్ద ఎత్తున పట్టించుకున్నవాళ్లు ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1940 జూన్‌లో బీబీసీ రేడియో ఫ్యాక్టరీ కార్మికుల కోసం 'మ్యూజిక్ వైల్ యూ వర్క్' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. పొద్దున అరగంట, మధ్యాహ్నం అరగంట. 1967 దాకా నడిచింది. వేగం నిలకడగా ఉండాలని, మరీ నెమ్మది పాటలు వద్దని బ్యాండ్లకు ముందే చెప్పేవారు. మధ్యలో చప్పట్లు చరవాల్సిన 'డీప్ ఇన్ ది హార్ట్ ఆఫ్ టెక్సస్' అనే హుషారు పాటను మాత్రం ఈ కార్యక్రమంలో రానివ్వలేదు. చప్పట్ల చోటు రాగానే కార్మికులు పని వదిలి చేతిలో ఉన్నదాంతో బల్లలూ మెషిన్లూ మోగిస్తారని వాళ్ల భయం. మన దగ్గర తీన్మార్ డప్పు అలాంటిదే. అది మొదలైతే చీపురు గోడకు ఆనించి అడుగు కలపడమే. ఆడాలనుకుంటే ఆడాల్సిందే. పని ముగిశాక చివరి పాటగా పెట్టుకుంటే రెండూ దక్కుతాయి.

పాట అన్ని పనులనూ తేలిక చేయదని కూడా చెప్పాలి. మోస్తరు శ్రమలో పాట అలసటను మరిపిస్తుంది. శ్రమ మరీ ఎక్కువైనప్పుడు ఒంటి బాధే గట్టిగా వినిపిస్తుంది, పాట వెనక్కిపోతుంది. బాత్రూమ్ టైల్స్ మీద ఉప్పునీటి మరకలు బ్రష్‌తో రుద్దేటప్పుడు నాకు ఏ పాటా సాయం చేయలేదు. మందు పోసి పదినిమిషాలు నాననివ్వడమే సాయం చేసింది. అలమారలో కాగితాలు, బిల్లులు చదివి వేరుచేసే పనికి మాటలున్న పాట అడ్డమే. చదివే మాటలూ వినే మాటలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. దానికి నాదస్వరమో వీణో చాలు. ఇయర్‌ఫోన్స్ కంటే చిన్న స్పీకర్ మేలు. కుక్కర్ విజిల్, కాలింగ్ బెల్, వెనకనుంచి వచ్చే పిల్లల అడుగుల చప్పుడు వినపడాలి.

పాటలు పెట్టుకుంటే సరిపోతుందిలే అని పనంతా ఒక్కరి మీదే వదిలేయడం నాకు నచ్చదు. రోటి దగ్గర ఇద్దరు ఉండేవారు కాబట్టే పాట పుట్టింది. మా ఇంట్లో ఇప్పుడు మా ఆయన ముందు ఊడ్చుకుంటూ వెళ్తారు, ఒక గది తేడాతో వెనక నేను తుడుస్తాను. ఒకే స్పీకర్, ఒకే దరువు. ఆయన రెండో గదిలో పాట మధ్యకొచ్చేసరికి నేను మొదటి గది గుమ్మం దగ్గరుంటాను. ఎవరూ ఎవరినీ తొందరపెట్టాల్సిన పని లేకుండా పోయింది.

పోయిన ఆదివారం సగం హాలు తుడిచాక కరెంటు పోయింది. వైఫై ఆగిపోయింది, పాటా ఆగిపోయింది. నేను మాప్ ఆపలేదు. కాసేపటికి సోఫాలోంచి అమ్మ సన్నగా సువ్వి పాట అందుకుంది. మూడో వరసలో నా చెయ్యి కాస్త మందగించింది. తలెత్తి చూస్తే అమ్మ నా మాప్ వంకే చూస్తోంది. పాట కూడా నెమ్మదించింది.