గోడ చెరిపేసినా ఫైలు బరువు తగ్గదెందుకు?

ధర్మవరం చీరను కౌంటర్ మీద మడతపెట్టి, ఫోన్‌తో ఫొటో తీసి, వెనకున్న గోడను తీసేసి ఆన్‌లైన్ కేటలాగ్‌లోకి ఎక్కించడం అనంతపురం చీరల దుకాణాల్లో మామూలు పనైపోయింది. ఆ పని చేసే కుర్రాళ్ల నోట తరచూ వినబడే మాట ఒకటుంది: "ఏమన్నా, గోడంతా తీసేస్తిమి కదా, సైజు ఇంకా పెరిగిందేమి?" ప్రశ్న న్యాయమైనదే. బొమ్మలో సగానికి పైగా పోయింది కాబట్టి బరువూ సగానికి పైగా పోవాలని ఎవరికైనా తోస్తుంది. కానీ ఫైలు బరువుకీ, కంటికి కనిపించే విస్తీర్ణానికీ మనం అనుకునేంత సంబంధం లేదు.

ఒక చీర ఫొటోనే తీసుకుందాం. వెడల్పు 4000, ఎత్తు 3000 పిక్సెళ్లు, అంటే కోటీ ఇరవై లక్షల చుక్కలు. ఫోన్ దాన్ని జేపెగ్‌గా 4 ఎంబీలో దాచిందనుకుందాం. చీర అందులో 45 శాతం, మిగతాదంతా గోడ. జేపెగ్ బొమ్మను 8 పిక్సెళ్ల గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలో ఎంత వివరముంటే అంతే ఖర్చు పెడుతుంది. సున్నం కొట్టిన గోడలో వివరమేముంటుంది? ఆ 4 ఎంబీల్లో ఎక్కువ భాగం జరీ అంచుకీ, బుటాలకీ, పట్టు మెరుపుకీ పోయింది. గోడకు దక్కింది కొంచెమే. ఆ గోడను తీసేస్తే ఆదా అయ్యేదీ కొంచెమే.

పెరగడానికి కారణం వేరు. జేపెగ్‌లో పారదర్శకతకు చోటే లేదు. అందుకే గోడ తీసేసిన బొమ్మను యాప్‌లు పీఎన్‌జీగా ఇస్తాయి. జేపెగ్ కంటికి ఆనని తేడాలను వదిలేస్తుంది. పీఎన్‌జీ ఒక్క చుక్క రంగునూ మార్చదు, ఉన్నదున్నట్టు దాస్తుంది. పైగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలతో పాటు ఆ చుక్క ఎంత పారదర్శకమో చెప్పే నాలుగో విలువ, ఆల్ఫా, కూడా చేరుతుంది. చీర భాగంలో 54 లక్షల పిక్సెళ్లున్నాయి. ఒక్కోదానికి రంగుల కోసం మూడు బైట్లంటే 16 ఎంబీ. ఫొటోల్లాంటి వాటిని పీఎన్‌జీ సుమారు సగానికి కుదించగలదు. అంటే గోడ పూర్తిగా మాయమైనా చీర ఒక్కటే 8 ఎంబీ. మన చేతిలో ఉన్న 4 ఎంబీ ఫొటో ఇలా రెట్టింపవుతుంది.

మరి ఖాళీ అయిన 66 లక్షల పిక్సెళ్ల సంగతి? అవి ఎక్కడికీ పోలేదు. బొమ్మ కొలత ఇప్పటికీ 4000, 3000. ప్రతి ఖాళీ చుక్కకూ నాలుగు విలువలున్నాయి, ఆల్ఫా మాత్రం సున్నా. అన్నీ ఒకేలా ఉంటే భయం లేదు. పీఎన్‌జీ వాడే డిఫ్లేట్ పద్ధతి ఒకే విలువ వరసగా వస్తుంటే వెయ్యి రెట్ల దాకా నొక్కేస్తుంది, 26 ఎంబీల ఖాళీ కొన్ని పదుల కేబీల్లో ఇమిడిపోతుంది. అయితే అచ్చమైన తెల్ల నేపథ్యానికీ ఇదే లెక్క వర్తిస్తుంది. అంటే ముందే ఒకే తెలుపున్న పీఎన్‌జీలో ఆ తెలుపును చెరిపినా లాభం దాదాపు ఏమీ ఉండదు.

అసలు చిక్కు ఖాళీ చుక్కలన్నీ ఒకేలా లేనప్పుడు వస్తుంది. చాలా పనిముట్లు గోడను చెరపవు, దాని మీద ఆల్ఫాను సున్నా చేసి ఊరుకుంటాయి. గోడ రంగు, దాని మీది నీడ, కెమెరా రాల్చిన సన్నటి గరుకు అంతా ఫైలులోనే భద్రంగా ఉంటుంది, మనకు కనబడదంతే. పీఎన్‌జీ ఆ గరుకునంతా తూచా తప్పకుండా మోస్తుంది. కూలగొట్టామనుకున్న గోడకు మనం కట్టింది ఒక పరదా మాత్రమే. ఇలాంటి ఫైలు 12 ఎంబీ దాటినా ఆశ్చర్యపోనక్కర్లేదు. గోడ లోపల ఉందో లేదో తేల్చుకోవడానికి, కమాండ్లతో బొమ్మలను మార్చే ఇమేజ్‌మ్యాజిక్‌లో ఆల్ఫాను పక్కనపెట్టి చూడండి:

```
magick cheera.png -alpha off chudu.png
```

కొత్త ఫైలులో గోడ మళ్లీ ప్రత్యక్షమైతే దొంగ దొరికినట్టే. బొమ్మలు దిద్దడానికి జింప్ వాడేవాళ్లు పీఎన్‌జీ ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు "Save color values from transparent pixels" అన్న చోట టిక్ ఉందేమో చూసుకుని తీసేయాలి. తర్వాత ఎప్పుడైనా గోడ తిరిగి కావాలనుకునేవాళ్లకు ఆ టిక్ పనికొస్తుంది. కేటలాగ్‌కు అది దండగ.

ఇక తగ్గించే దారి. నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేది కొలత తగ్గించడమే, కుదింపు పనిముట్లు తర్వాతి మాట. చీర చుట్టూ గట్టిగా కత్తిరిస్తే 2400, 2600 పెట్టె మిగులుతుందనుకుందాం. ఫోన్ తెర మీద చూసే బొమ్మకు 1200 వెడల్పు చాలు. రెండు వైపులా సగమైతే పిక్సెళ్లు నాలుగో వంతుకు దిగుతాయి, 8 ఎంబీ కాస్తా 2 ఎంబీ చుట్టుపక్కలకు వస్తుంది. గోడ తీసే పని మాత్రం పెద్ద కొలతలోనే చేసి, ఆ తర్వాతే చిన్నది చేయాలి. కొంగు చివరి కుచ్చులు అప్పుడే శుభ్రంగా తెగుతాయి.

```
magick cheera.png -channel A -level 5%,100% +channel -background none -alpha background -trim +repage -resize 1200x cheera-1.png
cwebp -q 80 -sharp_yuv cheera-1.png -o cheera.webp
```

మొదటి వరసలోని 5 శాతం సంగతి చెప్పాలి. గోడ తీసే యాప్‌లు మూలల్లో కంటికి ఆనని మరకలు వదులుతుంటాయి. ఒకటో రెండో శాతం మాత్రమే కనిపించే చుక్కలవి. ఆ ఒక్క చుక్క మూలన ఉన్నా `-trim` అక్కడే ఆగిపోతుంది. కత్తిరించాక కూడా కొలత మారలేదంటే అనుమానించాల్సింది వీటినే. 5 శాతం లోపు వాటిని పూర్తిగా సున్నా చేస్తే కత్తిరింపు చీర దాకా వస్తుంది. చీర కింద మెత్తటి నీడ ఉంచుకున్నవాళ్లకు ఆ నీడ అంచు కొంచెం తెగుతుంది, అది చూసుకోవాలి. ఆ తర్వాతి `-alpha background` పరదా వెనక రంగులన్నిటినీ ఒకే విలువ చేస్తుంది.

రెండో వరస బొమ్మను వెబ్‌పీగా మారుస్తుంది. వెబ్‌పీ జేపెగ్‌లా కొంత వదిలేస్తుంది, ఆల్ఫానూ ఉంచుతుంది. అందుకే 2 ఎంబీ సాధారణంగా కొన్ని వందల కేబీలకు దిగుతుంది. అయితే అది రంగు వివరాన్ని సగం కొలతలో దాస్తుంది కాబట్టి మెరూన్ మీద ఎర్ర బుటాల అంచులు అలుక్కుపోతాయి. `-sharp_yuv` పెట్టింది అందుకే. పీఎన్‌జీనే కావాలని పట్టుబట్టే చోట `pngquant` రంగులను 256కు కుదిస్తుంది. లోగోకు అది దివ్యంగా పనిచేస్తుంది. పట్టు మెరుపు మీద మాత్రం ఇసుక చల్లినట్టు చుక్కలు తేలొచ్చు. చీర రంగు చూసే కొంటారు కదా, అక్కడ నేను దాని జోలికి పోను.

అసలు పారదర్శకత కావాలా అన్నది ఎవరూ అడగని ప్రశ్న. కేటలాగ్ పేజీ ఎప్పుడూ తెల్లగానే ఉంటే చీర వెనక తెలుపు నింపి జేపెగ్‌గా దాచుకోవడం మేలు. అదే 1200 వెడల్పులో అదీ కొన్ని వందల కేబీలే, ఏ ఫోన్‌లోనైనా తెరుచుకుంటుంది. పండగ పోస్టరో, సప్తగిరి సర్కిల్లో కట్టే ఫ్లెక్సీయో ఉందంటే కథ వేరు. ఫ్లెక్సీకి కొలత తగ్గించకుండా, లోపలి గోడ తుడిచి, కత్తిరించిన పీఎన్‌జీనే ఇవ్వాలి. దాన్ని వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపాలి. ఫొటోగా పంపితే అది మళ్లీ జేపెగ్ అయిపోతుంది, ఫ్లెక్సీ వేసేవాళ్లు గోడను రెండోసారి తీయాల్సి వస్తుంది.